అతుకు మీద ఆకుపచ్చ బాణం

“—పెట్టనంటే పెట్టను. ఆవిడ చూడకుండా ఈ చార్టు మీద చుక్క కూడా పెట్టను. రేపు మాటలు పడాల్సింది నేను.”

“నీకు జీతం ఇచ్చేది ఆవిడా, నేనా, మార్సీ?”

“జీతం మీరే ఇస్తారు. తిట్లు మాత్రం ఆవిడ దగ్గర తింటాను. నాకు రెండూ అలవాటైపోయాయి. కాసేపు ఆగండి, వచ్చేస్తుంది.”

నెవా స్టబుల్‌ఫీల్డ్ మెట్ల మలుపులోనే ఆగిపోయింది. చేతిలో కాగితం సంచి, అందులో సగం తిన్న శాండ్‌విచ్. వాళ్ల మాటల మధ్యలో చిన్న ఇత్తడి గంట ఒకసారి మోగి ఆగింది. ఎవరో మోగించబోయి అరచేత్తో పట్టుకున్నట్టు. ధర ఎటు పోతుందో చెప్పే బాణం చార్టు మీద పెట్టిన ప్రతిసారీ ఆఫీసు యజమాని కెండల్ ఆ గంట కొడతాడు. ఆ చప్పుడు వింటే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

ఆమె లోపలికి వచ్చేసరికి కెండల్ రస్క్ మార్సీ కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి, నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కా, కింది పెదవి వెనక నొక్కిపెట్టిన పొగాకు. చేతిలో ఒక కాఫీ కప్పు. అందులో కాఫీ ఉండదని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు.

“మిస్ నెవా, మీకోసమే చూస్తున్నాం,” అన్నాడు. “ముడి చమురు అరవై రెండున్నర డాలర్ల గీత దాటేసింది. నిల్వలు తగ్గాయి, ధర లేచింది. పాఠం చెప్పినట్టు జరిగింది. మార్సీకి ఒక్క మాట చెప్పండి, బాణం పెట్టేస్తుంది.”

నెవా సంచి బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, తెర వైపు వంగింది. మంగళవారం ముగింపు అరవై ఒకటీ నలభై. బుధవారం ముగింపు అరవై రెండూ ఎనభై. రెండింటి మధ్య నిచ్చెన మెట్టులా నిటారుగా ఒక గీత.

“ఇది ధర లేవడం కాదు,” అంది. “అతుకు.”

“మళ్లీ మొదలు!”

“మళ్లీ కాదు, నెలనెలా. నిన్న మధ్యాహ్నంతో ఏప్రిల్ కాంట్రాక్టు అయిపోయింది. అరవై ఒకటీ నలభై దాని ఆఖరి ధర. ఇవాళ నువ్వు చూస్తున్నది మే కాంట్రాక్టు. అది నిన్న కూడా ఉంది. నిన్న దాని ధర ఎంతో చూశావా?”

కెండల్ కప్పు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“అరవై మూడూ ఐదు,” అంది నెవా. “ఇవాళ అరవై రెండూ ఎనభై. ఇరవై ఐదు సెంట్లు పడింది. పడినదానికి పైకి బాణం పెడతావా?”

మార్సీ తెర వైపు చూస్తూ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

తుల్సాలో పాత బ్యాంకు భవనం మూడో అంతస్తులో ఆ ఆఫీసు పెట్టి నలభై ఏళ్లు దాటింది. ‘రస్క్ లెటర్’ ప్రతి శుక్రవారం వెళ్తుంది. చదివేవాళ్లు పెద్ద కంపెనీలవాళ్లు కాదు. రోజుకి రెండు మూడు పీపాల నూనె తోడే ముసలి బావుల యజమానులు, ఊళ్లకి డీజిల్ తోలేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు. ముడి చమురు ధర ఎటు పోతుందో నాలుగు మాటలు, నాలుగు చార్టులు. ఎనిమిది పేజీలు.

దాన్ని మొదలుపెట్టింది కెండల్ తండ్రి హార్లన్ రస్క్. నెవా ఆయన దగ్గర చేరినప్పుడు ఆమెకు ఇరవై రెండు. డ్రమ్‌రైట్‌లో పుట్టింది. తండ్రి టీగ్‌వాళ్ల బావుల మీద పంపర్. అంటే పొద్దున్నే తిరిగి ఏ మోటారు ఆగిందో, ఏ తొట్టి నిండిందో చూసుకునే మనిషి. ఇంట్లో నూనె ధర గురించి మాట్లాడుకోవడం వానల గురించి మాట్లాడుకున్నట్టే ఉండేది. హార్లన్ ఆమెకు గళ్ల కాగితాల కట్ట, రెండు పెన్సిళ్లు ఇచ్చాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పోతున్న కాంట్రాక్టు నీలంలో, వస్తున్న కాంట్రాక్టు ఎరుపులో. చివరి పది రోజులూ రెండూ పక్కపక్కనే నడవాలి. నీలం ఆగిన చోట ఎరుపుని తెచ్చి కలపకూడదు. మధ్యలో ఒక గడి ఖాళీగా వదలాలి.

“ఆ గడిలో ఏమీ జరగలేదమ్మాయ్,” అనేవాడు ఆయన. “ఏమీ జరగని చోట గీత గీస్తే అది అబద్ధం. ఆ వారం బాణం పెట్టకు.”

అదొక్కటే ఆయన నియమం. మిగతావన్నీ మారుస్తూ పోయాడు గానీ ఖాళీ గడిని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఏప్రిల్లో ఇచ్చే పీపా వేరు, మేలో ఇచ్చే పీపా వేరు. ఆ పీపాలు అప్పజెప్పేది కుషింగ్ ఊళ్లో. అక్కడి నిల్వ తొట్లు నిండుతుంటే ఇప్పటి నూనెని అడిగే దిక్కుండదు, పెట్టుకోవడానికి చోటుండదు. కాబట్టి ముందు నెల చవక, తర్వాతి నెల ఖరీదు. తొట్లు ఖాళీ అవుతుంటే ఇది తిరగబడుతుంది. ముందు నెల ఖరీదవుతుంది. ఈ రెండు ధరల మధ్య తేడా ఒక సమాచారం. అది లాభమూ కాదు, నష్టమూ కాదు. ఇది తెలియక చాలామంది ఒక నెల చివరి అంకెని తర్వాతి నెల మొదటి అంకెతో కుట్టేసి, ధర లేచిందనో పడిందనో గంతులేస్తారు.

హార్లన్ నాలుగేళ్ల క్రితం పోయాడు. ఆయన పోయిన నెలకే కెండల్ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. అందులో ఖాళీ గడి ఉండదు. ఒక కాంట్రాక్టు ముగియగానే దాని కొసకి ఇంకొకదాని మొదలు అంటిస్తుంది. పాత ధరల్ని ఆ తేడా మేరకు జరిపి అతుకు సరిచేసే మీట కూడా అందులో ఉంది. కెండల్ దాన్ని నొక్కడు. నొక్కితే పాత అంకెలు మారిపోయి జనం తికమక పడతారంటాడు.

“మిస్ నెవా, పెన్సిళ్ల కాలం పోయింది,” అన్నాడు ఇప్పుడు కూడా.

“పెన్సిళ్ల కాలం పోయింది. కాంట్రాక్టులు మాత్రం నెలనెలా చస్తూనే ఉన్నాయి.”

“అయితే నిల్వల సంగతి? నలభై ఒక్క లక్షల పీపాలు తగ్గాయి. పది లక్షలు పెరుగుతాయని అందరూ అనుకున్నారు. అది కూడా అతుకేనా?”

ఆ అంకె ప్రతి బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి ప్రభుత్వం విడుదల చేస్తుంది. తొమ్మిదీ ఇరవై ఐదుకి మార్సీ ఫోన్లు రెండూ ఎత్తి పక్కన పెట్టేస్తుంది. ఆ అయిదు నిమిషాలూ ఆఫీసులో ఎవరూ కుర్చీ కూడా జరపరు. అంకె రాగానే కెండల్ మొదటి వరస చదివి గంట వైపు చెయ్యి చాస్తాడు. నెవా మాత్రం పట్టికలో కిందికి వెళ్తుంది. ఏ ప్రాంతంలో తగ్గింది, దిగుమతి ఎంత, కుషింగ్‌లో ఎంత.

“తగ్గిందంతా మన దక్షిణపు గల్ఫ్ తీరంలోనే,” అంది. “దిగుమతి తగ్గింది. ఎందుకు తగ్గింది? వారమంతా హ్యూస్టన్ కాలవ మీద పొగమంచు. ఓడలు బయట నిలబడిపోయాయి. ఆ నూనె ఎక్కడికీ పోలేదు, సముద్రం మీద ఉంది. వచ్చేవారం లెక్కలోకి వస్తుంది. కుషింగ్‌లో పదమూడు లక్షలు పెరిగింది. అది చదివావా? అంకె వచ్చిన మూడు నిమిషాలకి మే కాంట్రాక్టు అరవై మూడూ డెబ్భై దాకా ఎగిరింది. మిగతా పట్టిక చదివినవాళ్లు దాన్ని దింపేశారు.”

కెండల్ కప్పు పెదవి దగ్గర పెట్టుకుని ఉమ్మాడు. చప్పుడు కాకుండా ఉమ్మడం అతనికి తెలుసు. ఆ చప్పుడు లేకపోవడమే నెవాకి ఎక్కువ వెగటు.

“వినండి,” అన్నాడు నెమ్మదిగా. “రేపు డ్రమ్‌రైట్‌లో ఓర్వల్ టీగ్ నడిపే బావుల యజమానుల సంఘం సమావేశం. ఇరవై మూడు మంది, రెండు వందల చిల్లర బావులు. వాళ్ల నూనెకి ముందే ధర కట్టేసుకునే అమ్మకాలన్నీ మన బాణాల ప్రకారం నడుపుతామంటున్నారు. ఎర్ర బాణం వస్తే అమ్మి ధర కట్టేస్తారు. ఆకుపచ్చ వస్తే కట్టు విప్పేస్తారు. మన రికార్డు చూపించాను. నాలుగేళ్లలో పందొమ్మిది బాణాలు, పదహారు సరైనవి. ముసలాయన ఏమన్నాడో తెలుసా? ‘నెవా వచ్చి ఇది సరైనదని చెబితే సంతకం పెడతాం’ అన్నాడు. ఇవాళ ఒక తాజా బాణం ఉంటే బాగుంటుంది.”

“ఇవాళ కట్టు విప్పితే వాళ్ల గతేంటి? కుషింగ్ నిండుతోంది.”

“బాణం వద్దంటే మానేద్దాం. రికార్డు మాత్రం మీరు చెప్పాలి.”

“నేనెప్పుడూ ఆ రికార్డు పట్టిక చూడలేదు.”

కెండల్ నవ్వాడు. సొరుగులోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న కాగితం తీసి బల్ల మీద జార్చాడు. నాలుగేళ్ల క్రితం నాటి చార్టు. దాని మీద ఆకుపచ్చ బాణం. కింద మూలన చిన్న అక్షరాలు, ఎన్. ఎస్.

“మొదటిది మీరే పాస్ చేశారు, మిస్ నెవా. ఇది కూడా నెల మారిన రోజే. అప్పుడు అతుకు గుర్తురాలేదా?”

ఆమె ఆ కాగితం వైపు చూసింది. తేదీ చూడగానే ఆ వారం తెలిసింది. భర్త డాయిల్‌ని పూడ్చి ఎనిమిది రోజులు. అతను కుషింగ్ తొట్ల మీద కొలతలు తీసే పని చేసేవాడు. ముప్పై ఏళ్లు ఆ మూతలు తెరిచి, తాడు కట్టిన కొలబద్ద దింపి, పీల్చకూడనిది పీల్చాడు. ఆ మంగళవారం ఆమె ఆఫీసుకి రాగానే కెండల్ ఈ కాగితం ముందు పెట్టాడు. మెట్టు మరీ నిటారుగా ఉందే అని అనిపించింది. అనిపించినట్టు ఇప్పటికీ గుర్తుంది. ఇంటికి పోవాలనిపించింది, అంతే. మూలన రెండు అక్షరాలు రాసి ఇచ్చేసింది.

“ఆ పట్టిక నాకివ్వు,” అంది.

“దేనికి?”

“రేపు దాని గురించి మాట్లాడమన్నావుగా. చదవనా మరి?”

తన గదిలో తలుపు వేసుకుంది. గోడ పొడుగునా గళ్ల కాగితాల పుస్తకాలు. సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా ఆమె మానలేదు. ప్రతి కాంట్రాక్టుకీ దాని గీత దానికి గీస్తూనే ఉంది. ఎవరూ అడగలేదు. మార్సీ ఒకసారి, “ఇవి ఎవరికోసం?” అంటే, “మూర్ఖత్వం కోసం,” అని చెప్పి నవ్వేసింది. తెలియక చేసిన వెటకారం అది. ఒక మనిషి నాలుగేళ్లు తన గదిలో సరైన గీతలు గీస్తూ, పక్క గదిలోంచి బయటికి వెళ్లే గీతలు ఎలాంటివో తిరిగి చూడలేదంటే దానికి ఇంకో పేరు ఉండదు. లెటరులో ఆమె రాసేది నాలుగో పేజీ ఒక్కటే. మొదటి పేజీ బాణాలు కెండల్‌వి. అతుకని ఆమె విసుక్కున్నా అతను పెట్టేసేవాడు, ఆ తర్వాత ఆమె అటు చూసేది కాదు. తన పేజీ శుభ్రంగా ఉందా లేదా అనే చూసుకుంది.

ఒక్కో బాణాన్నీ పట్టికలోంచి తీసి, ఆ తేదీన ఏ కాంట్రాక్టు బతికుందో దాని పుస్తకం తెరిచింది. రెండోది అతుకు. మూడోది కాదు. నాలుగోది అతుకు, ఈసారి కిందికి. ఆ ఏడాది తొట్లు ఖాళీగా ఉన్నాయి, ముందు నెలే ఖరీదు. నెల మారగానే గీత దభీమని పడింది. కెండల్ ఎర్ర బాణం పెట్టి, పడినదంతా లాభమని రాశాడు. ఐదోది అతుకు. దాని పక్కన అదే వారం నిల్వల అంకె అందంగా రాసి ఉంది. అంకె నిజమే, ధర నిజమే, రెండింటి మధ్య ముడి మాత్రం పచ్చి అబద్ధం.

ఆరు గంటలకి లెక్క తేలింది. పందొమ్మిదిలో పదకొండు అతుకులు. ఆ పదకొండింటినీ వాటి సొంత కాంట్రాక్టు మీద పెట్టి చూస్తే నాలుగు కలిసొచ్చాయి, ఏడు ముంచాయి. మిగిలిన ఎనిమిదిలో ఐదు సరైనవి, మూడు తప్పు. గంట మోగించిన రోజుల్లో సగానికి సగం గంట మోగించకుండా ఉంటేనే జనానికి మేలు జరిగేది.

కెండల్ ఇంకా ఉన్నాడు. రేపటి కోసం అచ్చయిన రంగుల పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నాడు. అట్ట మీద పెద్ద ఆకుపచ్చ బాణం. లోపలి పేజీలో నెవా ఫోటో, పన్నెండేళ్ల క్రితంది. దాని కింద ‘నలభై ఏళ్ల నమ్మకం’ అని ఉంది.

“పదకొండు,” అంది నెవా.

అతను తల ఎత్తలేదు. “నాకు తెలుసు.”

ఆమె ఈ జవాబు ఊహించలేదు. తెలియదనే అనుకుంది. తెలివితక్కువవాడని నాలుగేళ్లుగా విసుక్కుంటూ వచ్చింది. ఆ విసుగులో కొంచెం జాలి కూడా ఉండేది. చిన్నప్పుడు ఈ గదిలోనే, ఈ బల్ల కింద కూర్చుని ఆమె ఎర్ర పెన్సిళ్లు అరగదీసిన పిల్లాడు.

“ఎప్పటినుంచి తెలుసు?”

“మీరు మొదటిదాని మీద అక్షరాలు వేసిన వారం నుంచి. మీరు పట్టుకుంటారేమో అనుకున్నాను. పట్టుకోలేదు.” పెట్టె మూత వేశాడు. “మనల్నే అనకండి. ఈ ఊళ్లో సగం మంది చార్టులు ఇలాగే ఉన్నాయి. రేపు మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. ‘చార్టులు నేనే చూస్తాను’ అనండి చాలు. అది నిజమేగా? ప్రభుత్వ బీమా వచ్చేదాకా, ఇంకా నాలుగేళ్లు, మీ బీమా కార్డు ఈ ఆఫీసుదే. అది కూడా నిజమే.”

కప్పు ఎత్తి ఉమ్మాడు. నెవా తన సంచి తీసుకుంది. అందులో సగం శాండ్‌విచ్ ఉందని గుర్తొచ్చి, మెట్ల దగ్గర చెత్తబుట్టలో సంచితో సహా పడేసింది.

*

డ్రమ్‌రైట్ అగ్నిమాపక హాల్లో మర్నాడు మధ్యాహ్నం పొగ పట్టిన మాంసం వాసన గోడలకి అంటుకుంది. భోజనం కెండల్ ఖర్చు. కాగితం పళ్లాల్లో బ్రిస్కెట్, బీన్స్, తెల్ల బ్రెడ్డు. ముసలివాళ్లు టోపీలు మోకాళ్ల మీద పెట్టుకుని తింటున్నారు. బల్ల మీద రంగుల పుస్తకాలు, వాటి అట్టల మీద సాసు వేలిముద్రలు.

ఓర్వల్ టీగ్‌కి డెబ్భై ఎనిమిదేళ్లు. తొమ్మిది బావులు, చెవిలో మిషను. నెవాని చూడగానే లేవబోయి, మోకాలు సహకరించక కూర్చునే చెయ్యి చాపాడు.

“రావే అమ్మాయ్. మీ నాన్న ఉంటే ఇవాళ మా పళ్లాలన్నీ ఖాళీ చేసేవాడు.”

“మీ బావులూ ఖాళీ చేసేవాడు, ఓర్వల్ గారూ. పంపర్ల కడుపులు మీరు ఎండబెట్టేవారుగా.”

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఓర్వల్ కూడా నవ్వాడు. తర్వాత పుస్తకం ఎత్తి చూపించాడు. “ఇదిగో, పందొమ్మిదికి పదహారు. నాకీ గీతలు తెలియవు. నువ్వు చెప్పు. ఇది సరేనా?”

కెండల్ గోడకి ఆనుకుని ఉన్నాడు. నోట్లో పొగాకు లేదు, పుదీనా బిళ్ల ఉంది.

నెవా లేచి తెల్ల బోర్డు దగ్గరికి వెళ్లింది. నీలం పెన్నుతో ఒక గీత గీసి ఆపింది. ఒక జానెడు పైన, ఎర్ర పెన్నుతో ఇంకో గీత. అది నీలం ఆగకముందే మొదలై, ఆగాక కూడా సాగింది.

“నీలం ఏప్రిల్ నూనె. ఎరుపు మే నూనె,” అంది. “మంగళవారం ఏప్రిల్ అరవై ఒకటీ నలభై దగ్గర ఆగిపోయింది. అదే రోజు మే ఎంత? అరవై మూడూ ఐదు. బుధవారం మే అరవై రెండూ ఎనభై. ఈ నీలం చివర నుంచి ఎరుపు మీదకి గీత లాగితే ఎలా కనబడుతుంది?”

“లేచినట్టు,” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“లేచిందా?”

“ఎక్కడ లేచింది? ఎరుపు దిగింది కదా.”

“ఓర్వల్ గారూ, మీరు ముసలి ఆవుని సంతకి తోలుకెళ్లారు. దాని ధర అడిగారు. ఆ పక్కనే పడుచు ఆవు ఉంది. మర్నాడు దాని ధర అడిగి, ‘నా ఆవు ధర ఒక్క రోజులో పెరిగింది’ అంటే మీ ఆవిడ ఏమంటుంది?”

“నన్నే సంతలో వదిలేసి వస్తుంది.”

ఈసారి నవ్వులు పెద్దగా వచ్చాయి. నెవా నవ్వలేదు. పెన్ను మూత పెట్టింది.

“ఆ పుస్తకంలో పందొమ్మిది బాణాలున్నాయి. పదకొండు ఇలాంటి ఆవులే. ఎవరికీ ఆ లాభం రాలేదు, రాదు కూడా. అరవై ఒకటీ నలభైకి కొన్నవాడి చేతిలో ఉన్నది ఏప్రిల్ నూనె. వాడు దాన్ని అంతకే వదిలి, అరవై మూడూ ఐదు పెట్టి మే కొనుక్కోవాలి. ఆ పదకొండు తీసేస్తే ఎనిమిది. అందులో మూడు తప్పు. నిన్న కూడా బాణం పెట్టాలని చూశారు. నిల్వలు తగ్గాయన్నారు. తగ్గలేదు, ఓడల్లో ఉన్నాయి. కుషింగ్ నిండుతోంది. నిన్న మీరు ఆ బాణం నమ్మి కట్టు విప్పుకుని ఉంటే, రేపు ధర పడినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.” పెన్ను బోర్డు అంచున పెట్టింది. “ఆ పదకొండులో మొదటిది నేనే పాస్ చేశాను. నా అక్షరాలున్నాయి. అనుమానం వచ్చింది, అయినా వేశాను. మిగతావి తిరిగి చూడలేదు. చూడాల్సింది.”

ఓర్వల్ చెవి మిషను సర్దుకున్నాడు. అందరూ కెండల్ వైపు చూశారు.

కెండల్ గోడ వదిలి ముందుకొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. నెవా అతని నోటి నుంచి ఏ మాట వచ్చినా పడడానికి సిద్ధపడింది. అతను నేరుగా ఆమె పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

“చూశారా?” అన్నాడు జనంతో. గొంతు వణికింది. ఆ వణుకు కూడా సరిగ్గా అతికింది. “ఇంకే ఆఫీసులోనైనా చూశారా ఇలాంటి మనిషిని? మా లెక్కలో పొరపాటు ఉంటే మీ ముందు నిలబడి చెప్పే మనిషి మా చార్టుల దగ్గర ఉంది. దాచమని నేను అన్నానా? నా కారులోనే తీసుకొచ్చాను. మిగతావాళ్లు మీకు పుస్తకాలు ఇస్తారు. నేను మీకు మిస్ నెవాని ఇస్తున్నాను.”

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. అరిగిపోయిన అరచేతులు, బరువైన చప్పట్లు. ఒకాయన లేచి టోపీ గుండెకి ఆనించుకున్నాడు. “మీ నాన్న బిడ్డవే,” అన్నాడు.

భుజం మీద ఆ చెయ్యి వెచ్చగా, కొంచెం తడిగా ఉంది. పుదీనా కింద నుంచి పొగాకు వాసన వచ్చింది. నెవా అతని చెయ్యి దించేసి, పక్కకి జరిగి, వంటగదిలోకి వెళ్లిపోయింది. సంఘం వాళ్లు ఓటు వేసుకోవాలన్నారు. బయటివాళ్లు ఉండకూడదు.

సింకు దగ్గర వేళ్ల మీద ఎరుపు, నీలం మరకలు కడుక్కుంది. నీలం పోయింది, ఎరుపు పోలేదు. సింకు గొట్టం దగ్గర మాంసం కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. అవతల తలుపు గుండా మాటలు తునకలుగా వినిపించాయి. తాను చెప్పిన పదకొండు అన్న అంకె ఒక్కసారి కూడా వినబడలేదు. తన పేరు మాత్రం నాలుగైదుసార్లు వినబడింది. తప్పు చెప్పుకోవడానికి నిలబడితే, కెండల్ దాన్ని కూడా తీసి అట్ట మీద అచ్చేసినంత పని చేశాడు. అందులో తన వంతు కూడా ఉంది. ఆవు కథ చెప్పి నవ్వించింది తనే కదా.

కెండల్ వంటగది గడప దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

“బాగా మాట్లాడారు,” అన్నాడు తల ఎత్తకుండా. “నిజంగా.”

“ఆ పందొమ్మిది బాణాల పుస్తకం వెనక్కి తీసుకుంటావా?”

“కొత్తది అచ్చు వేయిద్దాం. మీ ఫోటో మార్చాలి. ఇవాళ తీసింది ఉంది, బోర్డు దగ్గర.”

తలుపు తెరుచుకుంది. ఓర్వల్ టీగ్ కర్ర మీద వంగి, చేతిలో మడత కాగితంతో నిలబడ్డాడు. వెనక మిగిలినవాళ్లు కుర్చీలు సర్దుతున్నారు.

“పద్నాలుగు, తొమ్మిది,” అన్నాడు. “సంతకం పెడుతున్నాం. కానీ ఒక షరతు కాగితంలోనే రాశాం, రస్క్. ప్రతి బాణం మీదా ఈ అమ్మాయి అక్షరాలుండాలి. అవి లేని బాణం మాకు చెల్లదు. ఆమె లేని రోజున ఒప్పందం లేదు.”

“అంతకంటే ఏం కావాలి!” అన్నాడు కెండల్, జేబులో పెన్ను కోసం తడుముకుంటూ.

“ఓర్వల్ గారూ,” అంది నెవా. “ఆ పదకొండు?”

“అయిపోయిందేదో అయిపోయింది, అమ్మాయ్. మాకు గీతలు తెలియవు. మనుషులు తెలుసు. ఇక నువ్వున్నావుగా.”

“ఆ షరతు ఇంకోసారి చదవండి.”

ఆయన కాగితం విప్పి, కళ్లకి దూరంగా పట్టుకుని చదివాడు. తాను చెప్పినట్టే ఉంది. ఆమె లేని రోజున ఒప్పందం లేదు. కెండల్ పెన్ను మూత తీసి, కాగితం పెట్టుకోవడానికి బల్ల మీద పళ్లాలు జరిపాడు.

నెవా తువ్వాలుతో చేతులు తుడుచుకుని, దాన్ని కొక్కేనికి తగిలించింది.

“కెండల్,” అంది, “ఇవాళ్టితో నీ దగ్గర పని మానేస్తున్నాను.”